ఢీకొట్టిన బండి దొరకకపోతే

శ్రోతలకు నమస్కారం.

గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోయే ప్రమాదాల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. నంబరు ఎవరూ చూడలేదు. కూడలిలో కెమెరా ఉంది కానీ, రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగులో నంబరు పలక తెల్లటి మరకలా కనిపిస్తుంది. ఇంటివాళ్లు స్టేషను చుట్టూ తిరుగుతారు. కొన్నాళ్లకు "బండి దొరకలేదమ్మా" అన్న మాట వినిపిస్తుంది. చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. ఫలానావాళ్లు గుద్దారని తెలిస్తే కదా ఎవరినైనా అడిగేది, అనుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, ఒక రకం పరిహారానికి బండి దొరకకపోవడమే అర్హత.

మోటారు వాహనాల చట్టంలో 161వ సెక్షన్ దీనికోసమే ఉంది. దాని కింద కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కొత్త పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. మనిషి చనిపోతే కుటుంబానికి రెండు లక్షల రూపాయలు, తీవ్ర గాయమైతే బాధితుడికి యాభై వేలు ఇస్తారు. అంతకుముందు ఇవి ఇరవై ఐదు వేలు, పన్నెండున్నర వేలు మాత్రమే. రెండు లక్షలు మనిషి ప్రాణానికి వెల అని ఎవరూ అనరు, నాకూ అది చాలా తక్కువనే అనిపిస్తుంది. కానీ దీనికి కోర్టుకు వెళ్లనక్కర్లేదు, డ్రైవరుది తప్పని రుజువు చేయనక్కర్లేదు. డబ్బు కేంద్ర ప్రభుత్వ నిధి నుంచి, జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ద్వారా నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

అయినా అడిగేవాళ్లు లేరు. 2024 జనవరి 12న సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ విషయాన్నే ఎత్తి చూపింది. 2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67,387 జరిగాయి. 2022-23 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన దరఖాస్తులు 205. దేశం మొత్తం మీద, రెండు వందల అయిదు! పథకం ఉందన్న సంగతి కుటుంబాల దాకా చేరడం లేదని కోర్టు గ్రహించి, చెప్పే బాధ్యతను పోలీసుల మీద పెట్టింది. అది ఎలా పని చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది నేను కల్పించినదే, కానీ ఇందులో వచ్చే చిక్కులు నిజమైనవి.

బోరబండలో ఉండే ఒకాయన పటాన్‌చెరు దగ్గర వాచ్‌మన్‌గా పని చేస్తున్నాడు. జూన్ 3 రాత్రి డ్యూటీ దిగి ముంబయి హైవే దాటుతుండగా ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. ఎవరో 108కి ఫోను చేశారు. స్పృహ లేదు, జేబులో కాగితాలు లేవు. పటాన్‌చెరు పోలీసులు మర్నాడు, అంటే జూన్ 4న, ఎఫ్ఐఆర్ రాశారు. అందులో బాధితుడు "గుర్తు తెలియని మగ మనిషి, సుమారు 45 ఏళ్లు". నేరం, గాయపరచడం. ఇంటివాళ్లు వెతుక్కుంటూ గాంధీ ఆసుపత్రికి చేరేసరికి రెండు రోజులు గడిచాయి. జూన్ 8న ఆయన చనిపోయాడు.

ఇప్పుడు ఈ కుటుంబం ఏ కార్యాలయానికి వెళ్లాలి? బోరబండ హైదరాబాద్ జిల్లాలో ఉంది. గాంధీ ఆసుపత్రి కూడా అదే జిల్లా. కాబట్టి హైదరాబాద్ కలెక్టరేటుకు వెళ్లాలని ఎవరైనా అనుకుంటారు. కాదు. ఈ పథకంలో ప్రమాదం జరిగిన చోటే లెక్క. పటాన్‌చెరు సంగారెడ్డి జిల్లాలో ఉంది కాబట్టి దరఖాస్తు అక్కడి రెవెన్యూ అధికారికి ఇవ్వాలి, మంజూరు చేసేది సంగారెడ్డి కలెక్టర్. హైదరాబాద్ వాసులకు ఇది బాగా తికమక పెట్టే విషయం. మనం నగరం అని పిలిచేది నాలుగు జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఉప్పల్‌లో ప్రమాదమైతే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, శంషాబాద్‌లో అయితే రంగారెడ్డి. ఔటర్ రింగు రోడ్డు మీద అయితే ఏ స్టేషనులో కేసు నమోదైందో చూసుకుని, ఆ చోటు ఏ మండలం కిందికి వస్తుందో అడిగి తెలుసుకోవాలి. తప్పు జిల్లాలో ఇచ్చిన దరఖాస్తు బల్ల మీద పడి ఉంటుందే తప్ప, దానంతటది సరైన చోటికి నడిచి వెళ్లదు.

దరఖాస్తు తీసుకునే అధికారిని పథకంలో క్లెయిమ్ విచారణాధికారి అంటారు. ఆ బాధ్యత తహసీల్దారుకో, ఆర్డీవోకో ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో తెలుసుకోవడానికే సుప్రీంకోర్టు ఆదేశం ఉపయోగపడుతుంది. తగిన ప్రయత్నం చేసినా నెల రోజుల్లో బండి వివరాలు తెలియకపోతే, ఈ పథకం కింద పరిహారం అడగవచ్చని స్టేషను అధికారి బాధితులకు లిఖితపూర్వకంగా చెప్పాలి. విచారణాధికారి కార్యాలయం చిరునామా, ఈమెయిలు కూడా అందులో ఉండాలి. మన ఉదాహరణలో జూలై 4 నాటికి ఆ లేఖ రావాలి. రాకపోతే మీరే వెళ్లి, లేఖ ఇవ్వమని ఒక తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక ప్రతి మీద స్టేషను ముద్ర వేయించుకోండి.

కేసు పూర్తిగా మూసేదాకా, అంటే "అన్‌డిటెక్టెడ్" అని కోర్టులో తుది నివేదిక వేసేదాకా ఆగాలని కొందరు చెబుతారు. దానికి నెలలు పట్టవచ్చు. కోర్టు పెట్టిన గడువు మాత్రం నెల రోజులే. ఎవరైనా ఆగమంటే ఆ తీర్పు తేదీ చెప్పండి.

ఇక కాగితాల విషయం. దరఖాస్తు ఫారం 1లో ఇవ్వాలి. దానితో ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, చనిపోయినవారి, దరఖాస్తుదారు గుర్తింపు కార్డులు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ జతపరచాలి. కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చూపడానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఉంటే పని తేలికవుతుంది. దానికి మీసేవలో పెట్టుకోవచ్చు.

పేర్లు చదివితే ఇంతే. చిక్కు ఆ కాగితాల లోపల ఉంటుంది. మన వాచ్‌మన్ సంగతే చూడండి. ఎఫ్ఐఆర్‌లో ఆయన పేరే లేదు. పైగా అందులో ఉన్నది గాయం కేసు. ఒక్క ఎఫ్ఐఆర్ తీసుకుని వెళితే, ఆ గుమాస్తాకు కనిపించేది ఎవరో గుర్తు తెలియని మనిషికి తగిలిన గాయం. మరణ పరిహారం ఎలా రాస్తాడు? దీనికి రెండు కాగితాలు కావాలి. ఒకటి, మనిషి చనిపోయాక పోలీసులు నేరం సెక్షన్ మారుస్తూ కోర్టుకు పంపే మెమో. నిర్లక్ష్యంతో మరణానికి కారణమవడం అన్న సెక్షన్, అంటే భారతీయ న్యాయ సంహిత 106, అందులో కనిపించాలి. రెండోది శవపంచనామా. "ఈ మృతుడు మావాడే" అని బంధువులు గుర్తుపట్టిన మాట అందులోనే నమోదవుతుంది. ఎఫ్ఐఆర్‌లోని గుర్తు తెలియని మనిషినీ ఆధార్‌లోని పేరునూ కలిపేది ఆ పంచనామాయే. చాలామంది పోస్టుమార్టం నివేదిక కోసం ఆసుపత్రి చుట్టూ తిరుగుతారు కానీ, పంచనామా నకలు అడగాలని తోచదు.

పేరు రాయడంలో తేడాలూ ఇలాంటివే. ఆసుపత్రిలో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి మరొకటి ఉంటే, ఇద్దరూ ఒకరేనని కేసు చూస్తున్న ఎస్సైతో ఒక లేఖ రాయించుకుని జతచేయడం మంచిది.

గాయాల కేసుల గురించి రెండు మాటలు. యాభై వేలు రావాలంటే గాయం చట్టం దృష్టిలో తీవ్రమైనది కావాలి. ఎముక విరిగితే అది తీవ్ర గాయమే. కన్నో చెవో పోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం కూడా అంతే. ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవాళ్లు డిశ్చార్జి కాగితం ఒక్కటే చేతపట్టుకుని వస్తారు. అది చాలదు. గాయం సాధారణమా, తీవ్రమా అని వైద్యుడు రాసిన గాయ ధ్రువపత్రం కావాలి. దాన్ని పోలీసులు ఆసుపత్రిని అడిగి తెప్పించాలి. ఎక్స్‌రే పారేయకండి.

ఫారం 4 అని ఇంకొకటి ఉంది. దాని మీద సంతకం పెట్టడానికి కొందరు జంకుతారు. పెడితే పెద్ద పరిహారం హక్కు పోతుందేమోనని భయం. అందులో ఉన్నది ఒక హామీ మాత్రమే. రేపు బండి దొరికి, ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్‌లో ఉదాహరణకు పది లక్షలు వచ్చాయనుకోండి, అందులోంచి ఈ రెండు లక్షలు తిరిగి ఇచ్చేయాలి. మిగిలిన ఎనిమిది లక్షలు మీవే. ఒకే మరణానికి రెండుసార్లు తీసుకోకూడదన్నది దాని ఉద్దేశం. బండి దొరికితే ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు అలాగే ఉంటుంది.

అన్నట్టు, చనిపోయినవారు సొంత బండి మీద వెళ్తూ ఉంటే బీరువాలోని ఆ బండి పాలసీ తీసి చూడండి. యజమానే నడిపితే వర్తించే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అందులో ఉండవచ్చు. లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. గుద్దినవాడు దొరికాడా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. అది బీమా సంస్థను విడిగా అడగాల్సిన డబ్బు.

మళ్లీ మన కుటుంబం దగ్గరికి వద్దాం. వాచ్‌మన్ భార్య కాగితాలన్నీ కూర్చుకుని జూలై 10న దరఖాస్తు ఇచ్చిందనుకుందాం. విచారణాధికారి నెలలోగా, అంటే ఆగస్టు 10 లోపు, నివేదికను కలెక్టరుకు పంపాలి. కలెక్టరు పదిహేను రోజుల్లో మంజూరు ఉత్తర్వు ఇవ్వాలి, అంటే ఆగస్టు 25. ఉత్తర్వు అందిన పదిహేను రోజుల్లో కౌన్సిల్ డబ్బు వేయాలి. సెప్టెంబరు రెండో వారానికి రెండు లక్షలు ఖాతాలో ఉండాలి. ఇది కాగితం మీది లెక్క. ఆచరణలో ఫైలు ఎక్కువగా మొదటి అంచెలోనే, అంటే విచారణాధికారి దగ్గరే ఆగుతుంది, ఏదో ఒక పోలీసు కాగితం రాలేదని. అందుకే దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు, ఫైలు నంబరు తీసుకోవాలి. నెల దాటాక వెళ్లినప్పుడు "ఎంతవరకు వచ్చింది" అని కాకుండా "ఏ కాగితం తక్కువైంది, రాసివ్వండి" అని అడగాలి.

అలా అడిగినా కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఈ దరఖాస్తులు ఎలా నడుస్తున్నాయో చూడటానికి ప్రతి జిల్లాలో ఒక కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు అదే తీర్పులో చెప్పింది. ఆ సంస్థ కార్యదర్శి, విచారణాధికారి, డీఎస్పీకి తగ్గని ఒక పోలీసు అధికారి అందులో ఉంటారు, రెండు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. అంటే ఫైలు ఆపినవారూ ఆపారని అడగగలవారూ ఒకే బల్ల దగ్గర ఉంటారు. మీ ఎఫ్ఐఆర్ నంబరు, దరఖాస్తు తేదీ రాసి కార్యదర్శికి ఒక అర్జీ ఇవ్వండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఫోను చేయాలంటే 15100. ఇక్కడ కూడా ప్రమాదం జరిగిన జిల్లా పేరే చెప్పాలి.