ఒక్క పేజీ సాల్తదా, నలభై పేజీలు గావాల్నా? పాలమూరు స్టూడియోల పల్లినూనె ముచ్చట

యాంకర్: అందరికీ నమస్తే. ఇయ్యాల మహబూబ్‌నగర్ స్టూడియోల ముగ్గురు ఉన్నరు. ఒకరు బ్యాంకుల లోన్ల సెక్షన్ చూసి రిటైరైన మేనేజర్ సార్, ఒకరు కాలేజీ పోరగాళ్లకు స్టార్టప్ క్లాసులు చెప్పే ట్రైనర్ అన్న, ఇంకొకరు జడ్చర్ల దగ్గర కట్టె గానుగ పెట్టుకున్న మన చెల్లె. ఫోన్ల వచ్చే ప్రశ్న ఒక్కటే, కొత్తగ బిజినెస్ పెట్టేటోళ్లు ఒక్క పేజీల ఐడియా రాసుకునే లీన్ కాన్వాస్ రాయాల్నా, నలభై పేజీల ఫుల్ బిజినెస్ ప్లాన్ రాయాల్నా. ముందుగాల చెల్లె, నువ్వు ఏది రాసినవ్?

గానుగ యజమాని: రెండూ రాసినన్నా, కాని ఉల్టా రాసిన. ముందు ప్లాన్ రాయించిన, నేను రాయలే, ఒకాయనకు 6,000 ఇస్తే రాసిచ్చిండు. 38 పేజీలు, స్పైరల్ బైండింగ్, మస్తుగుండె చూడనీకి. బ్యాంకుకు తీస్కపోయిన, అక్కడ సార్ తిరగేసుకుంట 14వ పేజీ దగ్గర ఆగి, అమ్మా నీది పల్లినూనె అన్నవ్ కదా, ఇండ్ల ముడిసరుకు కొబ్బరి అని ఉందేంది అన్నడు. ఎవరిదో కోస్తా దిక్కు కొబ్బరినూనె రిపోర్టు తీసి పేరు మార్చి ఇచ్చిండు. సిగ్గుతోని సచ్చినంత పనైంది.

మేనేజర్: (నవ్వుతూ) ఆ బ్యాంకు నాది కాదమ్మా, కాని అసొంటివి నేను గూడ మస్తు చూసిన. కొబ్బరి కాకపోయినా సేల్స్ లెక్కల దొరికిపోతరు. మొదటి సంవత్సరమే మిషన్ 80 శాతం నడుస్తదని రాస్తరు. ఎవరు కొంటరు అని అడిగితే జనం కొంటరు సార్ అంటరు.

ట్రైనర్: గదే, సార్ అడిగిన ఆ ఎవరు కొంటరు అన్నదానికే లీన్ కాన్వాస్. అది యాష్ మౌర్య అనే ఆయన చేసింది, ఆస్టర్‌వాల్డర్ అనే ఇంకొకాయన చేసిన బిజినెస్ మోడల్ కాన్వాస్ అప్పటికే ఉండె, దాన్ని కొత్తోళ్లకు పనికొచ్చేటట్టు మార్చిండు. ఒక్క పేజీ, తొమ్మిది గడులు. పాత దాంట్ల పార్ట్‌నర్లు, వనరులు, చేసే పనులు అని ఉండేటివి, కొత్తగ పెట్టేటోనికి వనరులెక్కడివి చెప్పుర్రి, అందుకని అవి తీసేసి సమస్య, పరిష్కారం, ఏ అంకె చూస్కోవాలె అన్న గడులు పెట్టిండు. అరగంటల రాయొచ్చు. కాని రాసుడు ముఖ్యం కాదు. ఆ గడులల్ల ఉన్నయన్నీ మన అంచనాలే, నిజాలు గావు, ఏ అంచనా తప్పైతే మొత్తం కూలిపోతదో దాన్ని ముందుగాల పోయి జనంల అడిగి రావాలె.

యాంకర్: చెల్లె, నీ కాన్వాస్ల మొదట ఏమున్నదో చెప్పు, పేపర్ తెచ్చినట్టున్నవ్ గదా.

గానుగ యజమాని: తెచ్చినన్నా, నూనె మరకలున్నయి, ఏమనుకోకుర్రి. కస్టమర్ గడిల "టౌన్ల ఆరోగ్యం మీద సోయి ఉన్నోళ్లు" అని రాసిన. సమస్య గడిల కల్తీ. ఇప్పుడేం వాడుతున్నరు అంటే రిఫైండ్ ప్యాకెట్. ధర కిలో 340. ట్రైనర్ అన్న దగ్గరికి తీస్కపోతే, ఇది బాగుంది గాని నువ్వు కొంటరా అని అడగకు, పోయినసారి నూనె ఎక్కడ కొన్నరు, ఎన్ని పైసలు పెట్టిన్రు అని అడుగు అన్నడు. 22 మంది ఇండ్లకు పోయిన. అందరూ మంచి పని బిడ్డా అన్నరు. లాస్ట్‌కు 50 రూపాయలు అడ్వాన్స్ ఇయ్యుర్రి, వచ్చే వారం కిలో నూనె తెచ్చిస్త అన్న. ఇచ్చింది ఆరుగురు.

ట్రైనర్: ఆరుగురు ఇచ్చుడు కూడ మంచిదే, నోటి మాటకు పైసకు ఉన్న తేడా అదే. మెచ్చుకున్నోళ్లను లెక్కల రాస్కుంటే మల్ల కొబ్బరి కథే అయితుండె.

గానుగ యజమాని: అసలు ముచ్చట ఇప్పుడొస్తది. బాదేపల్లి మార్కెట్ యార్డుల పల్లి రేటు కనుక్కుందామని పోతే, అక్కడ ఒక పెద్దాయన నన్నే అడిగిండు, నువ్ గానుగ పెడ్తె మా పల్లీలు ఆడించి ఇస్తవా అని. రైతులు అన్నీ అమ్ముకోరు, ఇంటికని ఒక బస్తనో రెండు బస్తలో ఆపుకుంటరు, కాయ ఒలిపించి నూనె పట్టించనీకి దూరం పోతున్నరు. ఆయనకు కల్తీ సమస్యే లేదు, పల్లి ఆయనదే. ఆయన సమస్య బస్ ఛార్జీ, దినమంతా లైన్ల నిలబడుడు. కిలో గింజకు 15 రూపాయల కూలి ఇస్తరా అంటే ఇప్పుడిచ్చేది గదే అన్నడు.

ట్రైనర్: ఇక్కడ చానమంది ఒక తప్పు చేస్తరు. ఉన్న పేజీలనే కస్టమర్ గడిల కామా పెట్టి "రైతులు" అని కలిపేస్తరు. అట్ల చేయొద్దు, ఒక రకం కస్టమర్‌కు ఒక పేజీ. ఎందుకంటే రైతుకు సమస్య వేరు, పైసలొచ్చే దారి వేరు, ఆయన చెవుల పడే దారి కూడ వేరు, టౌనోళ్లకు వాట్సాప్ స్టేటస్ సాల్తది, రైతుకు యార్డుల ఇంకో రైతు చెప్పాలె. చెల్లెతోని రెండో పేజీ రాయించిన.

యాంకర్: మరి సార్, ఈ రెండు పేజీలు పట్టుకొని మీ దగ్గరికొస్తే లోన్ ఇస్తుంటిరా?

మేనేజర్: కూసోబెట్టి చాయ్ తాపిస్తుంటి, లోన్ మాత్రం ఇయ్యకపోతుంటి. కాన్వాస్ల ఖర్చుల గడి ఉంది, ఆమ్దానీ గడి ఉంది, కాని నెలలు లేవు. యాసంగి పల్లి చేతికొచ్చేటప్పుడు రేటు తక్కువుంటది, సరుకు అప్పుడే కొనిపెట్టుకోవాలె. చెల్లె, నెలకు ఎంత నూనె అమ్ముదామనుకున్నవ్?

గానుగ యజమాని: 200 కిలోలు సార్. కిలో నూనెకు రెండున్నర కిలోల గింజలు పడ్తయి, అంటే 500 కిలోలు. కిలో వంద ఏస్కున్న.

మేనేజర్: చూడుర్రి, నెలకు 50 వేల సరుకు. నాలుగు నెలలది ఒక్కసారి కొంటే 2 లక్షలు ముందే పోతయి, తిరిగొచ్చేది మెల్లగ. ఆ గుంత ఏ నెలల ఎంత లోతుంటదో చూపించేదే నెలవారీ క్యాష్‌ఫ్లో పట్టిక, అది ఫుల్ ప్లాన్లనే ఉంటది. ఇంక లాభం లెక్క చెప్పు బిడ్డా.

గానుగ యజమాని: నూనె 68,000, నూనె తీసినంక మిగిలే చెక్క 280 కిలోలు 40 లెక్కన 11,200, మొత్తం 79,200. సరుకు 50,000 తీసేస్తే 29,200. మనిషి జీతం 12,000, కిరాయి 5,000, కరెంటు 4,000, సీసాలు డబ్బాలు 4,000. మిగిలేది 4,200.

మేనేజర్: మిషన్లకు, షెడ్డు పనికి 5 లక్షలు, నీది 10 శాతం, బ్యాంకుది నాలుగున్నర లక్షలు. ఐదేండ్లకు ఏస్కుంటే మొదటి సంవత్సరం అసలు 90,000, వడ్డీ ఒక 45,000, అంటే నెలకు 11,250 కట్టాలె. 4,200 తోని 11,250 ఎట్ల కడ్తవ్? నూనె అమ్ముడొక్కటే పెట్టుకున్నట్లైతే ఈ యూనిట్ పుట్టకముందే మునిగినట్టు.

యాంకర్: మరి ఆ 38 పేజీల రిపోర్టుల లాభమే చూపిచ్చిండు గదా?

గానుగ యజమాని: లాభం మస్తుండె అన్నా, నెలకు 900 కిలోల నూనె అమ్ముతనని రాసిండు. ఆరుగురు అడ్వాన్స్ ఇచ్చిన్రు, 900 కిలోలు ఎవరు తింటరు!

మేనేజర్: ఆడించే కూలి కలుపుదాం. దినానికి 60 కిలోల గింజలు, నెలకు 25 రోజులు, 1,500 కిలోలు, 15 లెక్కన 22,500. కరెంటు ఇంకో 3,000 పోతది. పాత 4,200 కలిపితే 23,700. కట్టాల్సింది 11,250. దీన్నే మేము డీఎస్‌సీఆర్ అంటం, చేతికొచ్చే పైసలను కిస్తీతోని భాగిస్తే వచ్చే అంకె. ఇక్కడ 2.1. మేము ఒకటిన్నర చుట్టుపక్కల ఉంటే నిమ్మళంగ ఉంటం. ఇప్పుడు అసలు పరీక్ష, రైతులు సగమే వచ్చిన్రనుకో. కూలి, కరెంటు రెండూ సగమైతే 13,950 మిగుల్తయి, 1.24. సరుకు కోసం తీస్కున్న 2 లక్షల సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ లోన్ మీద వడ్డీ నెలకు ఒక 1,800 తీసెయ్యి, 1.08కి దిగుతది. ఇంకా నీ జీతం రాయనేలేదు. వానలు లేక పల్లి తక్కువేసిన సంవత్సరం గిదే అయితది, అది ప్లాన్ల ముందే కనవడాలె.

గానుగ యజమాని: అందుకే సార్ రెండో మిషన్ ఇప్పుడొద్దని ఆపేసిన. రాయించిన రిపోర్టుల రెండు ఉండె.

ట్రైనర్: సార్ లెక్కల ఏసిన ఈ 60 కిలోలు, 15 రూపాయలు అన్న అంకెలు ఆమెకు యాడికెళ్లి వచ్చినయి? కాన్వాస్ పట్టుకొని యార్డుల తిరిగితే వచ్చినయి. అందుకే నేను పిల్లలకు అంటుంట, చేతుల అడ్వాన్సులు లేకుండ ఐదేండ్ల పట్టిక రాస్తే ఎక్సెల్ల కవిత్వం రాసినట్టే అని.

మేనేజర్: ఒక్క మాట కలుపుత. అందరికీ ముందు కాన్వాసే అంటే నేనొప్పుకోను. మిర్యాలగూడల రైస్ మిల్లు పెట్టేటోడు బియ్యం ఎవరు తింటరో కనుక్కోవాలని గడులు నింపుకుంట కూసుంటె పనైతదా? అక్కడ కస్టమర్ తెలుసు, మార్కెట్ తెలుసు, తెల్వనియి మిషన్ ఖర్చు, కరెంటు లోడు, వర్కింగ్ క్యాపిటలే. నడుస్తున్న దుకాణం కొనుక్కున్నా అంతే, ఫ్రాంచైజీ తీస్కున్నా అంతే. వాళ్లు సక్కగ ప్లానే రాయాలె, మిషన్లకు కొటేషన్లు తెచ్చుకోవాలె.

యాంకర్: సబ్సిడీ కోసం వచ్చేటోళ్ల సంగతేంది సార్?

మేనేజర్: పీఎంఎఫ్ఎంఈ అనే సెంట్రల్ గవర్నమెంట్ స్కీము లెక్కన చిన్న ఫుడ్ యూనిట్లకు 35 శాతం, ఎక్కువలో ఎక్కువ 10 లక్షలు. దానికి డీపీఆర్, అంటే ఫుల్ ప్రాజెక్టు రిపోర్టు తప్పదు, కాన్వాస్ ఇస్తే తీస్కోరు. కాని చాలామంది ఆ 35 శాతం ముందే చేతికొస్తదనుకొని మొదటి నెలల ఆమ్దానీ కింద రాస్కుంటరు. అది లోన్ ఖాతాకు ఆనించి పెడ్తరు, మూడేండ్లు యూనిట్ సక్కగ నడిచి ఖాతా బాగుంటే అప్పుడు సర్దుతరు. క్యాష్‌ఫ్లోల దాన్ని నమ్ముకుంటే మొదటి ఏడే కిస్తీ తప్పుతది.

యాంకర్: చెల్లె, కాన్వాస్ల ఒక గడి ఖాళీగుంది, గిదేంది?

గానుగ యజమాని: అది ఎవరూ కాపీ కొట్టలేనిది ఏముంది నీ దగ్గర అన్న గడి అన్నా. మొదట "స్వచ్ఛత" అని రాస్తే అన్న కొట్టేసిండు, పక్క వీధిల గానుగ పెట్టేటోడు కూడ గదే బోర్డు రాస్తడని. ఆర్నెల్లైంది, ఇంకా ఖాళీనే.

ట్రైనర్: ఖాళీగ ఉంచుడే మంచిది, అబద్ధం రాసేకన్నా.

మేనేజర్: నాకు ఆ గడి కన్నా చెక్కతోనే భయం. నెలకు 11,200 రాసినవ్, అది తీసేస్తే నూనె అమ్ముట్ల నష్టమే. కిలో 40 అని ఎవరు చెప్పిన్రు?

గానుగ యజమాని: మా ఇంటి పక్కన బర్లు పెట్టుకున్నాయన సార్, ఎంతున్నా నేనే కొంట అన్నడు.

మేనేజర్: అడ్వాన్స్ ఇచ్చిండా?

గానుగ యజమాని: ...అడగలే సార్.

ట్రైనర్: (నవ్వుతూ) మూడో పేజీ తియ్యి చెల్లె.