ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేని అంకె

సభకు నమస్కారం. అధ్యక్షుల వారు నా గురించి చెప్పిన నాలుగు మంచి మాటలకు కృతజ్ఞతలు. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలి, కానీ నాకిచ్చింది అరగంట. చెప్పాల్సింది చాలా ఉంది, మన్నించండి.

నా వృత్తి కరెంటు పరికరాల రిపేరు. ఒక దేశంలో కొని ఇంకో దేశంలో వాడబోయి కాలిపోయిన వస్తువులు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, కన్వర్టర్లు, ప్లగ్గులు అని వరసగా చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. ఆ వరస ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం, ఎందుకంటే రెండోది దగ్గరికి వస్తే నాకు ఒక ఇల్లు గుర్తొస్తుంది.

ముందుగా మీ దగ్గర ఫోన్ ఛార్జర్ ఉంటే బయటికి తీయండి. వెనక చిన్న అక్షరాలుంటాయి. ఇన్‌పుట్ అన్న చోట చదవండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. హెర్ట్జ్‌లో చెప్పేది ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు అల సెకనుకు ఎన్నిసార్లు వచ్చిపోతుందో ఆ లెక్క. ఈ రెండూ అలా ఉన్న వస్తువును దాదాపు ఏ దేశానికైనా తీసుకెళ్లొచ్చు. ప్లగ్గు పిన్నులు అక్కడి సాకెట్‌లో దూరేలా చూసుకుంటే చాలు, ఇంకే పెట్టె అక్కర్లేదు. లాప్‌టాప్ అడాప్టర్లు, కెమెరా ఛార్జర్లు చాలావరకు ఇంతే.

లేబుల్ మీద ఒకే వోల్టేజి, ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్నప్పుడే చిక్కు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. భారత్‌లో, యూరప్‌లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దక్షిణ కొరియాలో 220 వోల్టులున్నా ఫ్రీక్వెన్సీ 60. అంటే వోల్టేజి దగ్గరగా ఉన్నంత మాత్రాన రెండోది కూడా కలవాలని లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

వోల్టేజి తేడా వస్తే ఏమవుతుందో ఒక్క లెక్క చూద్దాం. అమెరికాలో కొన్న 1500 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ను 230 వోల్టుల సాకెట్‌లో పెట్టారనుకోండి. లోపలి కాయిల్ మారలేదు, వోల్టేజి మాత్రం దాదాపు రెట్టింపయింది. కాబట్టి కరెంటు కూడా దాదాపు రెట్టింపు లాగుతుంది. వేడి ఆ రెండింటి గుణకారం. 1500 వాట్ల వస్తువు 5500 వాట్ల వేడి పుట్టించబోతుంది. కొన్ని క్షణాల్లో కాయిల్ ఎర్రబడి తెగుతుంది, లేదా ఫ్యూజు పోతుంది. అదే తిరగేసి, 230 వోల్టుల 2000 వాట్ల కెటిల్‌ను 120 వోల్టుల చోట పెడితే 550 వాట్లు కూడా రావు. ప్రమాదం లేదు, నీళ్లు మరగడానికి చాలాసేపు పడుతుంది, అంతే.

ఇక్కడ కన్వర్టర్ అని అమ్మే పెట్టెల గురించి చెప్పి తీరాలి. అరచేతిలో పట్టేంత తేలిక పెట్టె మీద 1600 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అది నిజంగా వోల్టేజిని తగ్గించదు. కరెంటు అలను ముక్కలుగా కోసి, కొంత భాగాన్నే లోపలికి పంపుతుంది. సగటు మీద వేడి తగ్గుతుంది కాబట్టి ఇస్త్రీపెట్టె లాంటి ఉత్త వేడి వస్తువు కాసేపు నడుస్తుంది. కానీ 230 వోల్టుల అల శిఖరం 325 వోల్టుల దాకా వెళ్తుంది. ఈ పెట్టె ఆ శిఖరాన్ని అలాగే వదిలేయొచ్చు. 120 వోల్టుల వస్తువులో కెపాసిటర్లు 170 వోల్టుల శిఖరాన్ని దృష్టిలో పెట్టుకుని వేసినవి. సర్క్యూట్ బోర్డు ఉన్న ఏ వస్తువునైనా దానికి తగిలిస్తే బోర్డు పోతుంది. ఆ పెట్టె వెనక, భూతద్దం పెడితే కనిపించే అక్షరాల్లో, వేడి పరికరాలకు మాత్రమే అని రాసి ఉంటుంది. ఆ వాక్యం ముందువైపు పెద్దగా వేయాలని నేను ఎన్నేళ్లుగానో అడుగుతున్నాను. అసలైన ట్రాన్స్‌ఫార్మర్ చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది, లోపల ఇనుము, రాగి ఉంటాయి కాబట్టి బరువుగా ఉంటుంది. అది అలను కోయదు, మొత్తంగా చిన్నది చేస్తుంది.

సరే, బరువైన ట్రాన్స్‌ఫార్మరే కొన్నాం, ఇక భయం లేదనుకుంటాం కదా. ఆ ఇంటివాళ్లూ అలాగే అనుకున్నారు.

ఊపిరితిత్తుల జబ్బున్న ఒక పెద్దాయన. కొడుకు అమెరికాలో ఉంటాడు. తండ్రికి ఆక్సిజన్ అవసరమని తెలిసి, అక్కడ ఒక కాన్సెంట్రేటర్ కొని పంపించాడు. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే మెషిన్. లేబుల్ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ ఒక షాపులో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. "120 కరెక్టుగా వస్తుంది సార్, నిశ్చింతగా పెట్టుకోండి" అని షాపువాడు చెప్పాడు. అతను చెప్పింది నిజమే, నేను మీటరు పెట్టి చూస్తే 118 ఉంది. మెషిన్ ఆన్ అయింది. లైటు వెలిగింది. ఫ్లో మీటరులో గోళీ 5 దగ్గర నిలబడింది.

నన్ను పిలిచింది మెషిన్ ఒళ్లు కాలుతోందని. ఆక్సిజన్ గురించి వాళ్లకు అనుమానమే లేదు. వేలికి పెట్టిన ఆక్సీమీటరులో 87 చూపిస్తుంటే, జబ్బు ముదిరిందని ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నారు. ఆసుపత్రి సిలిండర్ మీద ఉన్నప్పుడు ఆయనకు 93 ఉండేదట. అమ్మా, అయ్యా, ఒక్క క్షణం ఆలోచించండి. నాన్న బాగుండాలని కొడుకు పంపిన మెషిన్ పక్కనే నడుస్తోంది. ఆయన శ్వాస పడిపోతుంటే అందరూ జబ్బునే అనుమానించారు.

జరిగింది ఇది. మెషిన్ గదిలోని గాలిని పీల్చి, ఒత్తిడితో జియొలైట్ గుళికల్లోంచి పంపుతుంది. గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుంటాయి, ఆక్సిజన్ మిగులుతుంది. ఆ ఒత్తిడి ఇచ్చేది కంప్రెసర్. ఆ మెషిన్‌లో కంప్రెసర్ తిప్పేది నేరుగా మెయిన్ కరెంటు మీద నడిచే ఇండక్షన్ మోటార్. దాని వేగాన్ని నిర్ణయించేది ఫ్రీక్వెన్సీ. 60 హెర్ట్జ్ మీద నిమిషానికి సుమారు 1725 చుట్లు తిరిగేది, 50 మీద 1425 దగ్గర ఆగిపోతుంది. లోపలికి వచ్చే గాలి ఆరో వంతు తగ్గింది. అయినా గోళీ మాత్రం 5 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అది బయటికి వచ్చే గాలి ఎంతో చూపిస్తుంది, అందులో ఆక్సిజన్ ఎంతో దానికి తెలియదు. ఆ పాత మోడల్‌లో ఆక్సిజన్ శాతం కొలిచే సెన్సార్ లేదు. మామూలుగా ఇలాంటి మెషిన్ 90 శాతం పైన ఆక్సిజన్ ఇవ్వాలి. ఒక టెక్నీషియన్ దగ్గర అనలైజర్ తెప్పించి చూస్తే 5 లీటర్ల మీద 81 ఉంది. ఫ్లో 2 లీటర్లకు తగ్గిస్తే 91 వచ్చింది. అంటే గుళికలు బాగానే ఉన్నాయి, వాటికి చాలినంత గాలి అందడం లేదు. వెంటనే ఇంట్లో ఉన్న సిలిండర్‌కు మార్చమన్నాను. కాసేపట్లో వేలి మీద అంకె 93కు చేరింది.

మరి ఒళ్లు కాలడం? అదీ ఫ్రీక్వెన్సీ వల్లే. ఒక్కో అల ఎక్కువసేపు సాగుతుంది కాబట్టి మోటార్ ఇనుములో అయస్కాంత శక్తి ఐదో వంతు పెరగాలని చూస్తుంది. ఇనుము పట్టగలిగే హద్దు దాటాక కరెంటు ఒక్కసారిగా పెరిగి ఉత్త వేడిగా మారుతుంది. చల్లబరచాల్సిన ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. కొందరు మెకానిక్కులు వోల్టేజిని 100కు తగ్గించి ఈ వేడిని అదుపు చేస్తారు. దానితో మోటార్ కాలదు, నిజమే. వేగం మాత్రం పెరగదు. ఫ్యాన్‌కయితే సర్దుకోవచ్చు, ఊపిరి నిలబెట్టే మెషిన్‌కు అది సరిపోదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనా ఫ్రీక్వెన్సీని మార్చదు. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను ఇవాళ వచ్చాను. 50 లోపలికి వెళ్తే 50 బయటికి వస్తుంది. మళ్లీ చెబుతున్నాను, వెనక వరసలో వాళ్లకు వినపడిందా? 50 వెళ్తే 50 వస్తుంది.

ఫ్రీక్వెన్సీ మార్చడం ఎంత కష్టమో జపాన్‌ను చూస్తే తెలుస్తుంది. 19వ శతాబ్దం చివర టోక్యోకు జర్మనీ జనరేటర్లు వచ్చాయి, అవి 50 హెర్ట్జ్. ఒసాకాకు అమెరికావి వచ్చాయి, అవి 60. ఈనాటికీ తూర్పు జపాన్ 50 మీద, పశ్చిమం 60 మీద నడుస్తున్నాయి. 2011 మార్చి భూకంపం తర్వాత తూర్పున కరెంటు కరువైంది. పశ్చిమాన్నుంచి కావలసినంత పంపలేకపోయారు, ఫ్రీక్వెన్సీ మార్చే స్టేషన్ల సామర్థ్యం చాలలేదు. ఒక దేశానికే అంత ఇబ్బంది అయినప్పుడు ఇంట్లో ఒక చిన్న పెట్టె ఆ పని చేస్తుందని ఎవరైనా చెబితే, ఎలా చేస్తుందో అడగండి.

చేసే పద్ధతి ఉంది. కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్లీ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ప్యూర్ సైన్‌వేవ్‌గా తయారుచేసే ఇన్వర్టర్ కావాలి. 350 వాట్ల కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది, కాబట్టి 500 వాట్ల ఇన్వర్టర్ అక్కడే ఆగిపోతుంది. చాలా ఎక్కువ సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి. ఈ ఖర్చంతా చూస్తే, ఆ దేశపు కరెంటుకు తయారైన మెషిన్ తీసుకోవడమే మేలు. ఆ కుటుంబం 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మెషిన్ అద్దెకు తెచ్చుకుంది. బ్యాటరీతో నడిచే పోర్టబుల్ మోడళ్లకు చాలావాటికి 100-240, 50/60 అడాప్టర్ వస్తుంది. వాటికి ఈ గొడవ లేదు.

అన్ని మోటార్లూ ఇలా ఉండవు. మిక్సీ, వాక్యూమ్ క్లీనర్, హ్యాండ్ డ్రిల్ లాంటివాటిలో కార్బన్ బ్రష్షులుంటాయి. వాటికి వోల్టేజి సరిపోతే చాలు, ఫ్రీక్వెన్సీ పెద్దగా పట్టదు. పాతకాలపు ప్లగ్గు గడియారానికి మాత్రం పడుతుంది, 60 హెర్ట్జ్ గడియారం 50 మీద గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మైక్రోవేవ్ ఓవెన్‌ను కూడా ఫ్రీక్వెన్సీ మారే చోటికి తీసుకెళ్లకండి.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. ప్లగ్గుల గురించి రెండు నిమిషాల్లో ముగిస్తాను. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజిని ముట్టుకోదు, పిన్నుల ఆకారమే మారుస్తుంది. అందులో చూడాల్సింది ఎర్త్. జర్మనీ ప్లగ్గుకు ఎర్త్ పక్కనున్న లోహపు పట్టీల మీద ఉంటుంది. దాన్ని బలవంతంగా మూడు గుండ్రటి రంధ్రాల సాకెట్‌లో తోస్తే రెండు పిన్నులు దూరతాయి, వస్తువు నడుస్తుంది, ఎర్త్ మాత్రం ఎక్కడా తగలదు. లోపల వైరు ఊడి లోహపు ఒంటికి తగిలిన రోజున ఫ్యూజు పోదు, ముట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. లేబుల్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే ఆ వస్తువుకు ఎర్త్ అక్కర్లేదు. ఆ గుర్తు లేకుండా మూడో పిన్ను గానీ, పక్క పట్టీలు గానీ ఉంటే, ఎర్త్ కలిపే అడాప్టరే వాడండి. లేదా ఎలక్ట్రీషియన్ చేత ఆ దేశపు మూడు పిన్నుల ప్లగ్గు వేయించుకోండి. చాలా యూనివర్సల్ అడాప్టర్లకు ఎర్త్ ఉండదు. కొనేటప్పుడు మల్టీమీటరుతో ఒక చివర నుంచి ఇంకో చివరకు కంటిన్యుటీ చూపించమనండి, బీప్ రాకపోతే తీసుకోకండి.

ఇంట్లో ఎవరికైనా బయటి దేశం నుంచి వచ్చిన ఆక్సిజన్ మెషిన్ గానీ, నెబ్యులైజర్ గానీ ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి లేబుల్ మీద హెర్ట్జ్ ఎంతో చదివించుకోండి. 60 అని మాత్రమే ఉండి, మీ కరెంటు 50 అయితే, మెషిన్‌ను అలాగే ఆపేయకుండా ముందు డాక్టరుగారితో మాట్లాడి, సిలిండరో సరైన మెషినో సిద్ధం చేసుకోండి. నేను ఈ పక్క ద్వారం దగ్గర కూర్చుంటాను, లేబుల్ ఫోటో తెప్పించుకున్న వాళ్లు ముందు రండి.