ఏడేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ నడక, స్ట్రెంత్ ట్రైనింగ్: కుర్చీ దగ్గర మొదలైన కథ

నమస్కారం. ఈ వీడియోకి ఒక కుర్చీ, ఒక దిండు, కాస్త ఖాళీ గోడ ఉంటే చాలు. కుర్చీకి చక్రాలు ఉండకూడదు. వెనక్కి జారకుండా దాన్ని గోడకి ఆనించి పెట్టుకోండి. మీరు ఆ పనిలో ఉండగా నేను నా కథ చెప్తాను. ఇవాళ చూపించబోయేదంతా నేను చేసిన రెండు తప్పుల్లోంచి వచ్చిందే.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నోడికి మూడు నిండాయి. పెద్దది కడుపులో పడకముందు నేను రోజూ నడిచేదాన్ని, వారానికి మూడు రోజులు బరువులు ఎత్తేదాన్ని. ఆ తర్వాత ఏడేళ్లు గ్యాప్. ఏడేళ్లూ కూర్చున్నానని కాదు. పొద్దున లేచింది మొదలు కాళ్ల మీదే ఉంటాను, చిన్నోణ్ని చంకన వేసుకునే సగం పనులు చేస్తాను. అందుకే నా ఒంట్లో బలం ఎక్కడికీ పోలేదనే ధీమా ఉండేది.

ఆ ధీమాతోనే మొదటి రోజు 45 నిమిషాలు గబగబా నడిచాను. ఇంటికొచ్చి, పాత లెక్క గుర్తుపెట్టుకుని 30 గుంజీలు, 20 సిటప్స్ చేశాను. చేస్తున్నంతసేపూ హుషారుగానే ఉంది. మర్నాడు కొంచెం పట్టేసినట్టు అనిపించింది. మూడో రోజు పొద్దున మాత్రం మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కొక్క మెట్టే దిగాల్సి వచ్చింది. ఈ నొప్పికి భయపడక్కర్లేదు. అలవాటు లేని పని చేస్తే కండరాలు ఇలాగే పట్టేస్తాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా ఎక్కువగా ఉండి, తర్వాత దానంతటదే తగ్గిపోతుంది.

తగ్గనిది ఇంకోటుంది. మోకాలి కింద, కాలి ముందు ఎముక లోపలి అంచు పొడవునా ఒక సలుపు. అడుగు వేసినప్పుడల్లా తెలిసేది. రెండు వారాలు నడక మానేశాక గానీ వదల్లేదు. నడక వల్ల నొప్పేంటి అని నాకే ఆశ్చర్యం. తర్వాత ఫిజియోథెరపిస్ట్ చెప్తే అర్థమైంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది, కండరం కూడా త్వరగానే దారికొస్తుంది. ఎముకకీ, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువుకీ నెలలు పడుతుంది. అంటే ఊపిరి నడవమంటుంది, కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. మనం ఊపిరి మాటే వింటాం.

ఒక జాగ్రత్త. సలుపు కాలి పొడవునా పరుచుకుని ఉంటే విశ్రాంతితో తగ్గుతుంది. వేలితో నొక్కితే ఒక్క చోటే ప్రాణం పోయేలా ఉన్నా, పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా, అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. దాంతో నడవకండి, డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక సిటప్స్ సంగతి. చేస్తుండగా పొట్ట మీద చూపు పడింది. బొడ్డు పైనుంచి కిందిదాకా మధ్యలో ఒక గట్టులా పొడుచుకొచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట ముందున్న రెండు కండరాల పట్టీలూ పక్కలకి జరుగుతాయి, వాటిని కలిపే నడిమి పొర సాగుతుంది. ప్రసవం తర్వాత చాలామందిలో అది మళ్లీ దగ్గరకొస్తుంది. కొందరిలో సందు మిగిలిపోతుంది, నాలో మిగిలింది.

మీరూ చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. బొడ్డు దగ్గర రెండు వేళ్లు అడ్డంగా పెట్టి, తల మాత్రమే కొంచెం పైకెత్తండి. వేళ్లకి అటూ ఇటూ కండరం అంచులు తగులుతాయి. మధ్యలో రెండు వేళ్ల కన్నా ఎక్కువ ఖాళీ ఉన్నా, వేళ్లు మెత్తగా లోపలికి దిగిపోతున్నా, ఒకసారి ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. నాకు రెండున్నర వేళ్లు వచ్చింది. సిటప్స్ జీవితాంతం మానేయమని ఆవిడ అనలేదు. ఏ పని చేసినా ఆ గట్టు లేవనంత వరకే చెయ్యి, లేస్తే ఆ పనిని తేలిక చెయ్యి అంది. నాకు ఈ సలహా బాగా నచ్చింది. ఇది చెయ్యకు, అది చెయ్యకు అనే పెద్ద జాబితా ఇచ్చుంటే రెండో రోజే మర్చిపోయేదాన్ని.

సరే, కుర్చీ దగ్గరికి రండి. నేను పక్కకి తిరుగుతున్నాను, నా మోకాలూ నడుమూ మీకు కనిపించాలి. కుర్చీ మీద దిండు వేశాను, మొదటి రెండు వారాలు అది ఉండాల్సిందే. కుర్చీ ఎంత ఎత్తుగా ఉంటే లేవడం అంత తేలిక. అంచుకి జరిగి కూర్చోండి. పాదాలు తుంటి వెడల్పులో, మడమలు మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి. ఇప్పుడు ఛాతీ ముందుకి వంచండి, ముక్కు కాలివేళ్ల మీదికి రావాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నిటారుగా కూర్చుని అలాగే లేవాలని చూస్తే బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. ముందుకి వంగి, మడమలతో నేలని తోసి, నోటితో గాలి వదులుతూ లేవండి.

గాలి వదలడం మర్చిపోకండి. ఊపిరి బిగబట్టి లేస్తే కడుపులోని ఒత్తిడి అటు పొట్ట మధ్యనున్న సందు మీద, ఇటు కింద మూత్రాశయాన్ని మోసే కండరాల మీద పడుతుంది. 'ఫూ...' అని శబ్దం వచ్చేలా వదలండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

కూర్చునేటప్పుడు ధబీమని పడొద్దు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ దిగండి. ఈ దిగడంలో కూడా తొడల బలం పెరుగుతుంది. అలా 8 సార్లు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ 8 సార్లు. ఆపేసరికి 'ఇంకో రెండు మూడు చేయగలను' అనిపించాలి. ఒక్కటి కూడా చేయలేను అనిపిస్తే ఆ రోజు ఎక్కువ చేసినట్టు.

మిగతా రెండూ త్వరగా చూపిస్తాను. గోడకి రెండు చేతులూ ఆనించి, మోచేతులు మడుస్తూ ఛాతీని గోడ దగ్గరికి తీసుకెళ్లి, గాలి వదులుతూ వెనక్కి తోసుకోవడం. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుము పైకెత్తడం. రెండూ 8 సార్ల చొప్పున రెండేసి విడతలు. మొత్తం పని 20 నిమిషాల్లో అయిపోతుంది. వారానికి రెండు రోజులే చేశాను, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ వదిలాను.

నడకకి రెండోసారి 12 నిమిషాలతో మొదలుపెట్టాను, వారానికి నాలుగు రోజులు. వారానికి రెండేసి నిమిషాలు పెంచాను. వేగానికి నా కొలత ఫోనే. అక్కతో మాట్లాడుతూ నడిచేదాన్ని. మాటలు సాగాలి, పాట పాడమంటే మాత్రం ఊపిరి చాలకూడదు. వాక్యం మధ్యలో గాలి కోసం ఆగుతున్నానంటే వేగం ఎక్కువైనట్టు. అప్పుడప్పుడూ అక్కే, "ఎందుకే అలా రొప్పుతున్నావ్?" అనేది. నాకు ఏ వాచీ అక్కర్లేకపోయింది.

నాలుగో వారంలో రెండో తప్పు. అప్పటికి కుర్చీలోంచి లేవడం చాలా తేలికైపోయింది. నిజానికి మొదటి కొన్ని వారాల్లో వచ్చే బలం చాలావరకు కండరం పెరగడం వల్ల రాదు. ఉన్న కండరాన్ని సరిగ్గా వాడుకోవడం నరాలకి మళ్లీ అలవాటవుతుంది, అంతే. నాకు ఆ సంగతి తెలీదు. బలం వచ్చేసిందనుకుని, ఒక రోజు పెద్దదానితో పాటు తాడాట మొదలుపెట్టాను. పదో గెంతుకి మూత్రం కారింది.

చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయమే. నేనూ వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. తర్వాత మళ్లీ ఆ ఫిజియోథెరపిస్ట్ దగ్గరికే వెళ్లాను. కాన్పుల తర్వాత ఇది చాలామందికి ఉంటుంది, వ్యాయామంతో బాగుపడుతుంది కూడా. దగ్గినప్పుడు కారడం, కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉండడం, ఈ రెండూ ఆ కండరాలు ఇంకా తట్టుకోలేకపోతున్నాయని చెప్పే గుర్తులు. ఆవిడ నేర్పింది ఇది: గాలి పోకుండా ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. కొన్ని సెకన్లు ఉంచి పూర్తిగా వదిలేయాలి. ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దని కూడా గట్టిగా చెప్పింది. ఇప్పుడు కుర్చీలోంచి లేచే ముందు ఆ బిగింపు పెట్టుకుని, గాలి వదులుతూ లేస్తాను. తాడు పక్కన పెట్టేశాను.

బరువు ఎప్పుడు పెంచాలి? నా లెక్క ఇది. వరసగా రెండు రోజులు, 12 సార్ల చొప్పున రెండు విడతలు హాయిగా అయిపోతే ఒక మెట్టు పైకి. ముందు దిండు తీసేశాను. తర్వాత పుస్తకాలు నింపిన బ్యాగుని గుండెకి హత్తుకుని లేవడం మొదలుపెట్టాను, మొదట 3 కిలోలు. బరువు కలిపిన రోజు మళ్లీ 8 సార్లకి దిగిపోవాలి. మర్నాటి పొద్దున మోకాలి నొప్పి ముందురోజు కన్నా ఎక్కువుంటే ఒక మెట్టు కిందికి.

ఏడో వారంలో పిల్లలిద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి జ్వరం. పది రోజులు ఏమీ చేయలేదు. తిరిగొచ్చాక ఆగిన చోటునుంచి కాకుండా రెండు వారాల వెనకటి లెక్కనుంచి మొదలుపెట్టాను. అంటే 24 నిమిషాల నడక 20 అయింది, బ్యాగు 5 కిలోల నుంచి 3కి వచ్చింది. వారంన్నరలో మళ్లీ అందుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం అని ఉంది. రోజుకి 30 నిమిషాలు, వారానికి 5 రోజులు, అంటే ఆ 150 చేరడానికి నాకు మూడు నెలల పైనే పట్టింది.

ఇప్పుడు నా బ్యాగు 8 కిలోలు. చిన్నోడు 14. మొన్న రాత్రి సోఫాలో నిద్రపోయినవాణ్ని ఎత్తుకుంటుంటే నాకు తెలీకుండానే 'ఫూ...' అన్నాను. వాడు కళ్లు మూసుకునే, "అమ్మా, కుర్చీ ఆటా?" అన్నాడు.

సరే, మీ దిండు కుర్చీ మీదే ఉందా? అంచుకి జరగండి. మడమలు వెనక్కి, ముక్కు కాలివేళ్ల మీదికి, గాలి వదులుతూ... ఒకటి.