తండ్రికి 48 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్: పిల్లలకు పరీక్షలు ఎప్పటి నుంచి?

[తెరపై: తండ్రి – 48 ఏళ్లకు నిర్ధారణ. కూతురు – 41. కొడుకు – 36.]

నమస్కారం. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రికి 48 ఏళ్ల వయసులో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. పిల్లలిద్దరికీ ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. వాళ్లు పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలి? మల పరీక్ష సరిపోతుందా, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ తప్పదా?

వయసు లెక్కతో మొదలుపెడదాం. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు మనకు అతి దగ్గరి రక్తసంబంధీకులు. వీళ్లలో ఒకరికి 60 ఏళ్లలోపు ఈ క్యాన్సర్ వస్తే, అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాల మార్గదర్శకాలు చెప్పేది ఇది: 40వ ఏట, లేదా ఆ వ్యక్తికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆ తర్వాత ప్రతి అయిదేళ్లకు ఒకసారి.

[తెరపై: 48 – 10 = 38]

అంటే ఈ ఇంట్లో మొదలుపెట్టాల్సిన వయసు 38. కొడుక్కి ఇంకా రెండేళ్ల గడువుంది. కూతురికి ఆ వయసు మూడేళ్ల క్రితమే దాటిపోయింది కాబట్టి ఆమె ఇప్పుడే చేయించుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. కుటుంబాలకు మనిషి పోయిన వయసు గుర్తుంటుంది, జబ్బు బయటపడిన వయసు గుర్తుండదు. మనకు కావలసింది రెండోది. పాత బయాప్సీ నివేదిక దొరికితే వెతికి పెట్టుకోండి. పేగులో క్యాన్సర్ మొదలైందా, లేక వేరేచోట మొదలై పేగుకు పాకిందా అన్నదీ అందులోనే తేలుతుంది.

అదే తండ్రికి 67వ ఏట వచ్చి ఉంటే? అప్పుడూ 40కే మొదలుపెట్టమంటారు గానీ, సాధారణ ముప్పు ఉన్నవారిలాగే మల పరీక్షను కూడా ఎంచుకోవచ్చు. అన్ని దేశాల్లోనూ ఇదే లెక్క ఉండదు. బ్రిటన్‌లో 50 లోపు జబ్బుపడిన ఒక్క దగ్గరి బంధువు ఉంటే, 55వ ఏట ఒక కొలనోస్కోపీ సూచిస్తారు. అందుకే మీ ఇంటి వివరాలతో వైద్యుడిని అడగడం తప్పనిసరి.

[తెరపై: మల పరీక్ష]

ఇప్పుడు వాడుకలో ఎక్కువగా ఉన్నది ఫిట్ పరీక్ష. మలంలో కంటికి కనబడని మనిషి రక్తాన్ని ఇది పట్టుకుంటుంది. ఇంట్లోనే నమూనా తీసి పంపవచ్చు, తిండి విషయంలో నియమాలు లేవు. క్యాన్సర్ ఉన్న వందమందిలో సుమారు 75 నుంచి 80 మందిని ఒక్కసారి చేసిన పరీక్షే పట్టుకుంటుంది. కానీ క్యాన్సర్‌గా మారగల పెద్ద పాలిప్‌లను, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే గడ్డలను, సుమారు నాలుగింట ఒకటి మాత్రమే గుర్తిస్తుంది. చాలా పాలిప్‌లు రక్తం కార్చవు, కారినా రోజూ కార్చవు. అందుకే ఈ పరీక్షను ఏటా చేస్తారు, అందుకే ఆ కూతురికి ఇది మొదటి ఎంపిక కాదు. కొలనోస్కోపీకి ఆమె ఏ కారణంతోనైనా ఒప్పుకోకపోతే, ఏమీ చేయకపోవడం కంటే ఏటా ఫిట్ చేయించుకోవడం ఎంతో మేలు.

ఫలితం పాజిటివ్ వస్తే తదుపరి మెట్టు కొలనోస్కోపీయే. ‘మొలల వల్ల వచ్చిందేమో’ అని మళ్లీ మల పరీక్షే చేయించి, రెండోసారి నెగటివ్ వచ్చిందని ఊరుకోకండి. మొలలూ పాలిప్‌లూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

[తెరపై: కొలనోస్కోపీ]

దీని అసలు బలం వేరు. కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పేగంతా చూస్తారు, కనబడిన పాలిప్‌లను చాలావరకు అప్పుడే తీసేస్తారు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది కాబట్టి, దాన్ని తీసేస్తే రాబోయే క్యాన్సర్‌ను ఆపినట్టే.

అయితే పేగు శుభ్రంగా లేకపోతే వైద్యుడికి ఏమీ కనబడదు. విరేచనాల మందును సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు కొన్ని గంటల ముందు తాగమంటారు. చివరికి పలచగా, పసుపు రంగు నీళ్లలా వెళితే సిద్ధమైనట్టు. పరీక్ష అయ్యాక నివేదికలో రెండు విషయాలు చూడండి: పేగు ఎంత శుభ్రంగా ఉందో, గొట్టం పెద్దపేగు మొదటి భాగమైన సీకం దాకా వెళ్లిందో లేదో. ఈ రెండూ సరిగా లేకపోతే ‘అంతా బాగుంది’ అన్న మాటను నమ్మలేం. పేగుకు రంధ్రం పడే ప్రమాదం వెయ్యిలో ఒకటి కంటే తక్కువ. పాలిప్ తీసినచోట రక్తస్రావం అంతకంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంట్లో వేర్వేరు తరాల్లో చాలామందికి పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చి, అందులో ఒకరికైనా 50 లోపు వచ్చిందా? అప్పుడు పైన చెప్పిన లెక్క పనికిరాదు. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో జన్యు పరీక్ష చేయించాలి. అది ఉంటే సాధారణంగా 20–25 ఏళ్ల నుంచే, ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ చేస్తారు.

చివరగా ఆ కొడుకు సంగతి. 38 వచ్చేదాకా ఆగమన్నది లక్షణాలు లేనంతవరకే. మలంలో రక్తం కనబడినా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా, బరువు తగ్గినా, 36లోనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.