టికెట్ ఎవరి చేతిలో ఉంటే ప్రయాణం వారిదే

అందరికీ నమస్కారం. నల్లగొండలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఒకప్పుడు నా దుకాణానికి చెడిపోయిన మానిటర్లు వచ్చేవి. ఇప్పుడు యూట్యూబ్ చానల్ పోయిందని ఏడుపు మొహంతో మనుషులు వస్తున్నారు. ఈ హాల్లో పాటల చానళ్లవారు, బత్తాయి తోటల గురించి వీడియోలు చేసేవారు, వంటల చానళ్లు నడిపే అక్కలు ఉన్నారు. మీలో చాలామంది అనుకునే మాట నాకు తెలుసు: “మాకు రెండంచెల ధ్రువీకరణ ఉంది, మా చానల్‌కు ఏమీ కాదు.” పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే కోడ్ కూడా అడిగే ఆ తాళం పెట్టుకుని కూడా చానల్ పోగొట్టుకున్న ఇద్దరు అన్నదమ్ముల సంగతి చెబుతాను.

దేవరకొండ వైపు ఊరు వాళ్లది. అన్న జానపదాలు పాడతాడు, తమ్ముడు వీడియోలు కూర్చుతాడు. ఒకరోజు చానల్ మెయిలుకు ఒక ప్రకటన బేరం వచ్చింది. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ అని చెప్పుకున్నారు. మర్యాదగా రాశారు, వీళ్ల పాటల పేర్లు కూడా రాశారు. నాలుగు రోజులు అటూ ఇటూ ఉత్తరాలు నడిచాయి, రేటు కూడా కుదిరింది. అయిదో రోజు ఒప్పంద పత్రం అంటూ ఒక లింకు, దానికి ఒక జిప్ ఫైలు, ఆ జిప్ తెరవడానికి ఒక పాస్‌వర్డ్ పంపారు. తమ్ముడు తెరిచాడు. లోపల పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైలు ఉంది. నొక్కితే ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. అప్పుడూ ఏమీ లేదు. ఫైలు పాడైందేమో, రేపు మళ్లీ పంపమని అడుగుదామని పడుకున్నాడు.

తెల్లవారుజామున ఊరి కుర్రవాడెవరో ఫోను చేసి లేపాడు. చానల్ పేరు మారిపోయింది. అన్న ఫొటో ఉండాల్సిన చోట ఏదో నాణెం బొమ్మ ఉంది. పాటలన్నీ మాయం. లైవ్‌లో ఎవరో విదేశీ పెద్దమనిషి పాత ఉపన్యాసం నడుస్తోంది. పక్కనే క్రిప్టో పంపితే రెట్టింపు ఇస్తామన్న రాత.

“ఫోనుకు కోడ్ రాలేదు, ఎవరికీ చెప్పలేదు. మరి తాళం ఎలా తీశారు?” అని అన్న నన్ను అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసమే ఈ ప్రసంగం.

మనం నల్లగొండలో దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎక్కుతాం. కండక్టరుకు డబ్బు ఇస్తాం, టికెట్ ఇస్తాడు. నార్కట్‌పల్లి దగ్గర తనిఖీవాళ్లు ఎక్కితే టికెట్ చూస్తారు. అంతేగానీ, డబ్బు ఎవరు కట్టారని అడగరు. పాస్‌వర్డ్, దాని వెనుక వచ్చే రెండో అంచె, ఈ రెండూ కలిస్తే డబ్బు కట్టడం. ఆ తర్వాత గూగుల్ మన బ్రౌజర్‌కు ఒక టికెట్ ఇస్తుంది. దాన్ని కుకీ అంటారు. రోజూ కోడ్ అడగకుండానే చానల్ తెరుచుకునేది ఆ టికెట్ వల్లే. తమ్ముడు నొక్కిన ఫైలు పత్రం కాదు, ప్రోగ్రాము. బ్రౌజర్‌లో ఉన్న ఆ టికెట్లను, దాచుకున్న పాస్‌వర్డ్‌లను ఊడ్చుకుని అది దొంగకు పంపింది. దొంగ ఎక్కడో కూర్చుని ఆ టికెట్‌ను తన బ్రౌజర్‌లో పెట్టుకున్నాడు. కొత్తగా లాగిన్ కాలేదు కాబట్టి కోడ్ అడగాల్సిన పనే పడలేదు.

ఇదేమీ కొత్త విద్య కాదు. యూట్యూబర్లపై ఈ పద్ధతిలో 2019 చివరి నుంచే దాడులు జరుగుతున్నాయని 2021 అక్టోబరులో గూగుల్ భద్రతా బృందమే వివరంగా రాసింది. దొంగిలించిన చానళ్లు, చందాదారుల సంఖ్యను బట్టి, 3 డాలర్ల నుంచి 4,000 డాలర్ల దాకా అమ్ముడుపోయేవట. మన సంతలో మేకకు ధర కట్టినట్టే. 2023 మార్చిలో కెనడాకు చెందిన లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద చానల్ సరిగ్గా ఇలాగే పోయింది. రోజూ కంప్యూటర్ల గురించి చెప్పేవాళ్లే మోసపోయారు కాబట్టి మన తమ్ముణ్ణి తిట్టకండి.

అయితే ఆ ఫైలులో ఆనవాళ్లు లేకపోలేదు. జిప్‌కు పాస్‌వర్డ్ ఎందుకు పెట్టారు? రహస్యం కోసం కాదు. తాళం వేసిన జిప్ లోపల ఏముందో మెయిలు సేవకు వెతికి చూడటం కుదరదు, అందుకని. విప్పాక ఆ ఒప్పంద పత్రం 700 ఎంబీ ఉంది. నాలుగు పేజీల కాగితానికి అంత బరువు ఎక్కడిది? పెద్ద ఫైళ్లను కొన్ని యాంటీవైరస్‌లు పూర్తిగా చూడకుండా వదిలేస్తాయని, లోపల ఊక నింపి పంపుతారు. ఇక మూడోది అసలు గుట్టు. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచిపెడుతుంది. తమ్ముడికి కనిపించింది `Contract.pdf`. నిజంగా ఉన్నది ఇది:

```
Contract.pdf.scr
```

ఆ `.scr` అంటే స్క్రీన్‌సేవర్, అంటే నడిచే ప్రోగ్రాము. `.exe` ఎంతో ఇదీ అంతే. విండోస్ 11లో ఫోల్డరు తెరిచి పైన View, అందులో Show, అందులో File name extensions నొక్కితే తోకలన్నీ బయటపడతాయి. ఇంటికి వెళ్లగానే ఈ ఒక్క పని చేయండి.

అయితే రెండో అంచె దండగేనా అంటారేమో, కాదు. పాస్‌వర్డ్ మాత్రమే తెలిసిన దొంగను అది బయటే ఆపుతుంది. 2021 నవంబరు 1 నుంచి ఆదాయం వచ్చే చానళ్లకు యూట్యూబ్ దాన్ని తప్పనిసరి చేసింది కూడా. కాకపోతే అందులోనూ రకాలున్నాయి. “మీ చానల్‌పై కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో స్పందించండి” అని బెదిరిస్తూ ఒక మెయిలు వస్తుంది. అందులోని లింకు అచ్చం గూగుల్ లాంటి పేజీకి తీసుకెళ్తుంది. అక్కడ పాస్‌వర్డ్ కొడతారు, ఫోనుకు వచ్చిన ఆరంకెల కోడ్ కూడా కొడతారు. అవతల దొంగ అదే నిమిషంలో దాన్ని అసలు గూగుల్‌లో కొట్టేస్తాడు. కోడ్‌కు మన చేయి, దొంగ చేయి అన్న తేడా తెలియదు.

పేజీ చిరునామా ఇలా ఉంటుంది: `youtube.com.copyright-check.example/login`. ముందున్న మాట చూసి యూట్యూబ్ అనుకుంటాం. కానీ మొదటి `/` గీతకు సరిగ్గా ముందున్న `copyright-check.example` అన్న ముక్కే యజమాని. నల్లగొండలో దేవరకొండ రోడ్డు ఉంది. ఆ రోడ్డులో దుకాణం పెట్టినంత మాత్రాన దేవరకొండలో ఉన్నట్టు కాదు కదా. పంపినవారి చిరునామా అసలైనదే అయినా నమ్మడానికి లేదు. యూట్యూబ్‌లోనే ఒక ప్రైవేటు వీడియోను మీతో పంచుకుంటే `no-reply@youtube.com` నుంచే మీకు మెయిలు వస్తుంది. దొంగలు ఆ దారినీ వాడుకున్నారు. అందుకే మెయిలులోని లింకు నొక్కకుండా, యూట్యూబ్ స్టూడియోను మీరే విడిగా తెరిచి చూడండి. నిజంగా ఫిర్యాదు ఉంటే అక్కడ కనిపిస్తుంది.

ఈ నకిలీ పేజీకి లొంగనిది పాస్‌కీ. ఫోను వేలిముద్రతోనో, తెర తాళంతోనో పనిచేస్తుంది. అది గూగుల్ చిరునామాకే ముడిపడి ఉంటుంది కాబట్టి, పక్క చిరునామాలో మనం ఎంత ప్రయత్నించినా అది పలకదు. మనం ఏమారినా అది ఏమారదు. గూగుల్ ఖాతా భద్రత పేజీలో అయిదు నిమిషాల పని.

మళ్లీ అన్నదమ్ముల దగ్గరికి వద్దాం. ఆ తెల్లవారుజామున కంగారులో తమ్ముడు మొదట చేసిన పని, అదే ల్యాప్‌టాప్‌లో ఖాతాను వెనక్కి తెచ్చుకోబోవడం. ఈ దొంగ ప్రోగ్రాముల్లో చాలావరకు ఒక్కసారి ఊడ్చుకుని తమను తామే చెరిపేసుకుంటాయి. అందుకే తర్వాత యాంటీవైరస్ నడిపితే ఏమీ దొరకదు. కొన్ని మాత్రం లోపలే కూర్చుంటాయి. మన దాంట్లో ఉన్నది ఏ రకమో తెలియదు కాబట్టి, కొత్త పాస్‌వర్డ్‌ను ఆ యంత్రంలో కొట్టకూడదు. ల్యాప్‌టాప్‌ను నెట్ నుంచి తప్పించి, అన్న ఫోనులో మొదలుపెట్టాం.

పాస్‌వర్డ్ మారిపోయింది, ఖాతా పోతే వెనక్కి తెచ్చుకోవడానికి ఇచ్చిన రికవరీ మెయిలూ మారిపోయింది. అయినా దారి మిగిలింది. రికవరీ ఫోను, మెయిలు మారిన తర్వాత 7 రోజుల వరకు పాతవాటికి కోడ్ పంపే వీలు గూగుల్ ఇవ్వవచ్చు. కాబట్టి అది మొదటి వారంలోనే చేయాల్సిన పని. `g.co/recover` తెరిచి, ఎప్పుడూ వాడే ఫోనులో, ఎప్పుడూ ఉండే ఇంట్లో కూర్చుని ప్రయత్నించమని చెప్పాను. అలవాటైన పరికరం, అలవాటైన చోటు కూడా గూగుల్‌కు సాక్ష్యమే. పాత రికవరీ నంబరుకు కోడ్ వచ్చింది. ఆ నంబరు వాళ్ల అమ్మది. రోజూ వాడుకలో ఉన్నది కాబట్టి బతికిపోయారు. చాలామంది ఎప్పుడో తీసుకుని, రీఛార్జ్ మానేసిన సిమ్ నంబరు ఇచ్చి ఉంటారు. అలాంటి నంబరు కొన్నాళ్లకు మరొకరి చేతికి పోతుంది.

ఈలోగా సామాజిక మాధ్యమాల్లో మొర పెట్టుకున్న తమ్ముడికి గంటలో ముగ్గురు “సహాయకులు” తగిలారు. డబ్బిస్తే చానల్ తెచ్చిపెడతామన్నారు. వాళ్లూ ఆ దొంగల జాతివాళ్లే.

ఖాతా చేతికి వచ్చాక పని అయిపోలేదు. పాస్‌వర్డ్ మార్చాం, పరికరాల జాబితాలో తెలియనివన్నీ తొలగించాం. అలా చేస్తేనే పాత టికెట్లు చెల్లకుండా పోతాయి. జీమెయిల్ అమరికల్లో చూస్తే యూట్యూబ్ నుంచి వచ్చే ప్రతి మెయిలునూ చెత్తబుట్టలో వేసే ఫిల్టరు ఒకటి ఉంది. హెచ్చరికలు కనిపించకుండా దొంగ పెట్టి పోయాడు. స్టూడియోలో Permissions తెరిస్తే ఎవరో తెలియని మనిషి మేనేజరుగా కూర్చుని ఉన్నాడు. అతణ్ణి తీసేయకపోతే ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరిచి ఉంచినట్టే. పాటలు చెరిగిపోలేదు, ప్రైవేటులోకి పోయాయంతే. ల్యాప్‌టాప్‌ను మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేశాను.

ఇప్పుడు వాళ్ల ఏర్పాటు ఇదీ. చానల్ యజమాని ఖాతా అన్న ఫోనులో తప్ప ఇంకెక్కడా తెరవరు. తమ్ముడు తన సొంత ఖాతాతో ఎడిటరు హోదాలో పనిచేస్తాడు. ఆ హోదాకు వీడియోలు పెట్టే వీలుంది గానీ, పెట్టిన వీడియోలను చెరిపేసే హక్కు, మనుషులను చేర్చే హక్కు లేవు. ప్రకటన బేరాలకు చానల్‌తో సంబంధం లేని మూడో మెయిలు. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద అచ్చు వేసి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రేకుపెట్టెలో పెట్టారు. ఒక్కో కోడ్ ఎనిమిది అంకెలు, ఒక్కసారే చెల్లుతుంది. ఫోను చెరువులో పడినా ఆ కాగితం ఉంటుంది. ఆ కోడ్‌లను ఫొటో తీసి అదే ఫోనులో దాచుకున్న మహానుభావులను కూడా చూశాను.

పోయిన నెల ఆ మూడో మెయిలుకు మరో ఒప్పంద పత్రం వచ్చింది. ఈసారి సంస్థ పేరు వేరు. తమ్ముడు నొక్కలేదు. ఫోల్డరులో Type అన్న గడి ఫొటో తీసి నాకు పంపాడు. పీడీఎఫ్ బొమ్మ పక్కన `Screen saver` అని ఉంది. కింద ఒకే మాట రాశాడు: “అన్నా, మళ్లీ వచ్చారు.”