కొత్త ఫోన్ల అప్‌డేట్ ఏది, అప్‌గ్రేడ్ ఏది?

నమస్తే అన్నలు, అక్కలు. నా చేతుల ఉన్నది మా చిన్నమ్మ ఫోన్. మొన్ననే నల్గొండ క్లాక్ టవర్ కాడ కొన్నది. ఇన్నేండ్లు బటన్ల ఫోన్ వాడింది, టచ్ ఫోన్ ఇదే మొదటిది. కెమెరా, బ్యాటరీ సంగతి ఇంకో వీడియోల చెప్త. ఇయ్యాల మాత్రం డబ్బా మీద ఉన్న ఈ ఒక్క ముక్క చూద్దాం: రెండు అప్‌గ్రేడ్లు, మూడేండ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు. ఫోన్ కొనేటప్పుడు దీన్ని ఎవ్వరు చదవరు. నన్నడిగితే ముందుగాల చదవాల్సింది ఇదే.

Settings తెర్వుండ్రి. కిందికి పోతే About phone ఉంటది, అది ఒత్తుండ్రి. Android version కాడ 14 అని ఉన్నది. దాన్ని ఒత్తితే Android security update అని ఒక తేదీ కనపడ్తది. ఈ నంబరు, ఈ తేదీ, రెండు యాదుంచుకుంటే సాలు.

అప్‌డేట్ ఏస్తే నంబరు 14 అట్లనే ఉంటది, తేదీ ముందుకు జరుగుతది. దొంగలు ఫోన్లకు దూరే సందులు ఎక్కడెక్కడ దొరికినయో గూగుల్ నెలనెలా బయటపెడ్తది. కంపెనీలు వాటిని మూసి మన ఫోన్లకు పంపుతయి. తక్కువ ధర ఫోన్లకైతే రెండు మూడు నెలలకోసారి వస్తది. ఏసినంక చూస్తే బొమ్మలు అవ్వే, రంగులు అవ్వే. "ఏం మారలేదు కదా, ఎందుకేసినట్టు?" అని చిన్నమ్మ కూడ అడిగింది. పైకి ఏం మారది అక్కా, లోపల సందులు మూతపడ్తయి. ఫోన్‌పే, బ్యాంకు అన్నీ ఫోన్లనే ఉన్నయి కాబట్టి ఇది వచ్చిన రాత్రే ఏసుకోవాలె.

అప్‌గ్రేడ్ ఏస్తే 14 పోయి 15 అయితది. స్క్రీన్ తీరు మారుతది, కొన్ని బటన్లు జాగ మారుతయి. ఫోటోలు, నంబర్లు ఎక్కడికి పోవు, కానీ ముందుగాల ఒక కాపీ తీసిపెట్టుకుంటే మంచిది. ఎందుకంటే ఒక్కసారి 15కు పోయినంక మళ్ల 14కు రావాలంటే మామూలుగ ఫోన్ల ఉన్నదంత తుడిచెయ్యాల్సి వస్తది. ఏసిన మొదటి రెండు మూడు రోజులు ఫోన్ జర వేడెక్కుతది, చార్జింగ్ జల్ది దిగుతది, ఎందుకంటే యాప్‌లన్నిటినీ లోపల మళ్ల సర్దుకుంటది. గాబరా పడకుండ్రి. నేనైతే అప్‌గ్రేడ్‌కు రెండు మూడు వారాలు ఆగుత. కొత్త దాంట్ల తప్పులుంటే అంతల దిద్దుతరు.

నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఏది ఏదో సైజు చూస్తే చానా మటుకు తెలిసిపోతది. చిన్నమ్మకు మొదట వచ్చింది 340 ఎంబీ, అది అప్‌డేట్. తర్వాత వచ్చింది 2.6 జీబీ, అది అప్‌గ్రేడ్. ఆమె రీచార్జ్ రోజుకు 1.5 జీబీది. అప్‌డేట్ నిమిషాలల్ల దిగింది. అప్‌గ్రేడ్ సగం దాటినంక డేటా అయిపోయి నెట్టు 64 కేబీపీఎస్‌కు పడిపోయింది. డౌన్‌లోడ్ గీత ఒక్కకాన్నే నిలవడ్డది. ఫోన్ ఖరాబైందని దుకాణానికి తీస్కపోదామన్నది. ఖరాబేం కాలేదు. Pause ఒత్తిపెట్టి, అర్ధరాత్రి దాటి కొత్త డేటా వచ్చినంక మళ్ల ఒత్తితే ఆగిన కాన్నుంచే దిగింది. ఇంట్ల వైఫై ఉంటే ఈ లొల్లే లేదు. ఎక్కించేటప్పుడు మాత్రం చార్జింగ్ సగంకన్న ఎక్కువ ఉంచుండ్రి. కంపెనీ పేరు తెర మీద చానాసేపు నిలవడ్తది, నడుమల బంద్ చెయ్యకుండ్రి.

ఇగ డబ్బా మీది మూడేండ్ల సంగతి. ఆ మూడేండ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ బజార్లకు వచ్చిన రోజు నుంచి లెక్కవెడ్తరు. 2024 మార్చిల వచ్చిన ఫోన్ 2026 మార్చిల ఆఫర్ల కొంటే మీకు మిగిలేది ఒక్క ఏడాదే. గడువు దాటినంక కూడ ఫోన్ నడుస్తది, ప్లే స్టోర్ల యాప్‌ల అప్‌డేట్లు వస్తనే ఉంటయి, కానీ సెక్యూరిటీ తేదీ ఆడనే ఆగిపోతది. ధర తగ్గించిండ్రంటే ఆ మోడల్ ఎప్పుడొచ్చిందో అడిగి కొనుండ్రి. దుకాణపాయన చెప్పకుంటే పేరు కొట్టి నెట్ల చూడుండ్రి.

ఇంకొకటి. అప్‌డేట్ అయినా, అప్‌గ్రేడ్ అయినా పైస కట్టేది లేదు. ఫోన్‌కు సంబంధించింది Settingsల Software update కాడనే వస్తది, యాప్‌లయి ప్లే స్టోర్ల వస్తయి. "మీ ఫోన్ పాతదైంది, ఇది ఏసుకోండి" అని వాట్సప్‌ల ఏపీకే ఫైల్ వస్తే ముట్టకుండ్రి. ఒకవేళ ఏసి పైసలు పోతే, ముందు నెట్టు బంద్ చేసి, ఇంకో ఫోన్‌తోని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు కొట్టుండ్రి. తర్వాత బ్యాంకుకు చెప్పుండ్రి.