ఐదు బత్తాయిలు, రెండు కొలతలు

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద ఐదు బత్తాయిలు పెట్టాను, చూడండి. పొద్దున్నే ఒక్కోదాన్నీ వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, తర్వాత తక్కెడలో పెట్టి తూచాను. అడ్డుకొలత, అంటే వ్యాసం, వరుసగా 6, 6.5, 7, 7.5, 8 సెంటీమీటర్లు. బరువులు అదే వరుసలో 110, 140, 175, 215, 260 గ్రాములు. ఈ పూట నా ప్రశ్న ఒక్కటే. ఈ పండ్లు దేనిలో ఎక్కువ తేడాగా ఉన్నాయి, సైజులోనా, బరువులోనా?

మనకు అలవాటైన కొలత క్రమవిచలనం. వ్యాసాల సగటు 7. ఒక్కో పండు ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే 2.5 వస్తుంది. పండ్లు ఐదు కాబట్టి ఒకటి తగ్గించి నాలుగుతో భాగించి, వర్గమూలం తీస్తే 0.79 సెంటీమీటర్లు. బరువులకూ ఇలాగే చేస్తే సగటు 180 గ్రాములు, క్రమవిచలనం 59.5 గ్రాములు.

0.79 కంటే 59.5 పెద్దది కాబట్టి బరువులోనే తేడా ఎక్కువ అనేద్దామా? అలాగైతే బరువులను కిలోల్లో రాసి చూడండి. 59.5 గ్రాములు కాస్తా 0.0595 కిలోలు అయింది. ఇప్పుడు వ్యాసానిదే పైచేయి! పండ్లు అవే, మారింది రాసిన తీరు మాత్రమే. సెంటీమీటరుకీ గ్రాముకీ మధ్య పెద్దాచిన్నా లేదు కాబట్టి ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టడమే తప్పు.

ఇక్కడికే వస్తుంది విచలనాంకం. ల్యాబుల్లో అందరం సీవీ అంటాం. కార్ల్ పియర్సన్ 1896లో దీన్ని ప్రవేశపెట్టారు. క్రమవిచలనాన్ని సగటుతో భాగించి, వందతో హెచ్చించడమే:

CV = (s / x̄) × 100

పైన సెంటీమీటర్లు, కింద సెంటీమీటర్లు. రెండూ కొట్టుకుపోయి ఉత్త శాతం మిగులుతుంది. వ్యాసానికి 0.79ని 7తో భాగిస్తే 11.3 శాతం. బరువుకు 59.5ని 180తో భాగిస్తే 33 శాతం. మిల్లీమీటర్లలో కొలిచినా, కిలోల్లో తూచినా ఇవి కదలవు.

కదలవు అన్నానే గానీ, దానికో షరతు ఉంది. కొలత అసలైన సున్నా నుంచి మొదలవ్వాలి. పొద్దున తూచేటప్పుడు ట్రే బరువు తీసేయడం మరిచిపోయాననుకోండి. ట్రే 120 గ్రాములు ఉంటుంది. అప్పుడు ప్రతి పండూ 120 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది, సగటు 300 అవుతుంది. పండ్ల మధ్య తేడాలు మాత్రం అలాగే ఉంటాయి కాబట్టి క్రమవిచలనం 59.5 దగ్గరే ఆగుతుంది. విచలనాంకం 33 నుంచి దాదాపు 20కి పడిపోతుంది! పండ్లు ఏమీ ఒకేలా అయిపోలేదు, ట్రే లెక్కలో కలిసింది అంతే. అందుకే ఒకే తోట పండ్ల విచలనాంకం ఒక రోజు ఉన్నట్టుండి తగ్గితే, క్రమవిచలనం కూడా తగ్గిందా అని ముందు చూడండి. అది తగ్గకుండా సగటు ఒక్కటే పెరిగితే తక్కెడ సున్నా దగ్గరికి వెళ్ళి చూడాలి.

ఉష్ణోగ్రతతో వచ్చే చిక్కు కూడా సరిగ్గా ఇదే, కాకపోతే అక్కడ ట్రే కంటికి కనిపించదు. కోల్డ్ స్టోరేజీలో ఐదు రీడింగులు తీశాం: 4, 5, 6, 7, 8 డిగ్రీల సెల్సియస్. విచలనాంకం 26 శాతం పైనే వస్తుంది. అవే రీడింగులను ఫారెన్‌హీట్‌లోకి మార్చి లెక్క కడితే 6.7 శాతం. గది అదే, చలి అదే! సెల్సియస్ సున్నా అంటే నీరు గడ్డకట్టే చోటు, అంతేగానీ వేడి అసలు లేని చోటు కాదు. ఫారెన్‌హీట్ సున్నా ఇంకెక్కడో ఉంది. కాబట్టి ఈ రెండు స్కేళ్ళలో కొలిచిన ఉష్ణోగ్రతకు విచలనాంకం కట్టకండి. ‘గది ఉష్ణోగ్రతలో తేడా ఎక్కువ, పండు బరువులో తక్కువ’ అని పోల్చాలని ఎంత అనిపించినా సరే, కట్టకండి. ధన, రుణ విలువలు కలిసి సగటు సున్నా దగ్గరికి వచ్చే కొలతలకూ ఇది పనికిరాదు. చిన్న సంఖ్యతో భాగించినప్పుడు శాతం ఎటు పోతుందో చెప్పలేం.

మళ్ళీ మన బత్తాయిల దగ్గరికి వద్దాం. సైజుకు 11.3, బరువుకు 33. రెండు కొలతలకూ అసలైన సున్నా ఉంది, ట్రే బరువూ తీసేశాం. మరి బరువులో తేడా మూడింతలు అని రాసేయవచ్చా? ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సరిగ్గా అదే రాశాను. పైగా, ‘బరువులోనే వైవిధ్యం ఎక్కువ ఉంది కాబట్టి మొక్కల ఎంపికకు బరువునే చూడాలి’ అని కూడా రాశాను. మా పెద్దాయన ఒకరు ఆ కాగితం చదివి ఒక్క మాట అడిగారు: ‘ఈ మూడు ఎక్కడిది?’

ఆ మూడు ఎక్కడిదో చూడండి. బత్తాయి దాదాపు గుండ్రంగా ఉంటుంది. వ్యాసం పది శాతం పెరిగితే పండు పొడవూ, వెడల్పూ, ఎత్తూ మూడూ పది శాతం చొప్పున పెరుగుతాయి. 1.1ని మూడుసార్లు హెచ్చిస్తే 1.331. అంటే బరువు 33 శాతం పెరుగుతుంది. పండ్ల మధ్య ఉన్నది ఒకే తేడా. కాలిపర్ దాన్ని ఒకవైపు నుంచే చూసింది, తక్కెడ మూడు వైపుల నుంచీ కలిపి చూసింది. ఘనంగా మారే కొలతకు విచలనాంకం, పొడవు విచలనాంకానికి సుమారు మూడింతలు వస్తుంది. ఆకు వైశాల్యం లాంటి దానికి సుమారు రెండింతలు. విచలనాంకం సెంటీమీటర్లనూ గ్రాములనూ చెరిపేసింది నిజమే, కానీ ఆ ఘనాన్ని చెరపలేదు. పంటల పరిశోధనా పత్రాల్లో ఎత్తు, బరువు, ఆకు వైశాల్యం అన్నింటి విచలనాంకాలనూ ఒకే పట్టికలో పేర్చి, పెద్దదాన్ని వైవిధ్యం అనేయడం నాకు బాధ కలిగించేది అందుకే.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. బరువులకు ఘనమూలం తీయండి. 110కి 4.79, 140కి 5.19, 175కి 5.59, 215కి 5.99, 260కి 6.38. వీటి సగటు 5.59, క్రమవిచలనం 0.63. విచలనాంకం 11.3 శాతం. వ్యాసానికి వచ్చింది కూడా అంతే! ఈ ఐదు పండ్ల బరువుల్లోని తేడా మొత్తం సైజు తేడాయే, అంతకుమించి బరువు కొత్తగా చెబుతున్నదేమీ లేదు. నా పాత కాగితంలో అంకెలు తప్పు కాదు, వాటి నుంచి నేను తీసిన మాట తప్పు.

ఇక మీ తోట పండ్లకు ఇలాగే చేసినప్పుడు ఘనమూలాల విచలనాంకం వ్యాసం కంటే బాగా ఎక్కువ వచ్చిందనుకోండి, అప్పుడు బరువు సైజును దాటి ఏదో చెబుతోందన్నమాట. అయిదారు పండ్లతో ఆ మాట అనకండి, కనీసం నలభై, యాభై అయినా తూచండి. ఆ తర్వాత ఒకే సైజులో ఉండి బరువు తేడాగా ఉన్న పండ్లను ఏరి పక్కన పెట్టండి. కత్తి తీసుకుని వాటిని అడ్డంగా కోయండి. తొక్క మందంగా ఉందా, లోపల తొనలు ఎండిపోయాయా, అసలు పండు గుండ్రంగానే ఉందా చూడండి.